పాడేరు నుంచి విశాఖకు నీట్ ప్రయాణం: సంచిలో ఉండాల్సినవి, ఇంట్లో వదలాల్సినవి

వైద్య విద్య ప్రవేశాల కోసం జరిగే నీట్ యూజీ పరీక్ష మధ్యాహ్నం 2 గంటలకు మొదలవుతుంది. సెంటర్ గేటు మాత్రం 1:30కే మూసేస్తారు. ఆ తర్వాత వచ్చినవారిని, కారణం ఏదైనా, లోపలికి పంపరు. అదే ఊళ్లో ఉండే విద్యార్థి ఆధార్ కార్డు మరిచిపోతే అన్నో నాన్నో బండి మీద వెళ్లి తెచ్చిస్తారు. అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు నుంచి విశాఖపట్నం వచ్చిన విద్యార్థికి ఆ వీలు లేదు. ఘాట్ రోడ్డు మీదుగా వంద కిలోమీటర్లు దాటిన దూరం, ఆర్టీసీ బస్సులో దాదాపు నాలుగు గంటల ప్రయాణం. కాబట్టి దూరపు సెంటర్ పడిన విద్యార్థి తయారుచేసుకునే జాబితాకు ఒక్కటే ప్రమాణం ఉండాలి: ఏ లోటు గేటు దగ్గర తీరదో అది ముందు, విశాఖలో తీర్చుకోగలిగినది ఆ తర్వాత.

ఇక్కడ చెప్పేవి ప్రధానంగా 2025 నీట్‌లో అమలైన నిబంధనలు. పరీక్ష నిర్వహించే నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ, అంటే ఎన్‌టీఏ, ఏటా కొన్ని మార్పులు చేస్తుంది. ఆ ఏడాది హాల్ టికెట్‌తో పాటు వచ్చే సూచనల పేజీలో ఏది రాసి ఉంటే అదే చెల్లుతుంది. అన్నయ్య రాసినప్పటి అనుభవం గానీ కోచింగ్ సెంటర్ వాట్సాప్ సందేశం గానీ దానికి బదులు కావు.

హాల్ టికెట్‌తోనే మొదలుపెట్టాలి. ఎన్‌టీఏ వెబ్‌సైటులో దాని పేరు అడ్మిట్ కార్డు. దానికన్నా కొన్ని రోజుల ముందు మరో కాగితం వస్తుంది. పరీక్ష ఏ నగరంలో పడిందో మాత్రమే చెప్పే సిటీ ఇంటిమేషన్ స్లిప్ అది. బస్సు టికెట్టు, బస ఏర్పాట్లకు తప్ప అది దేనికీ పనికిరాదు. దాని మీద సెంటర్ పేరు ఉండదు, దాన్ని చూపిస్తే గేటు దగ్గర లోపలికి పంపరు. దాన్నే ప్రింటు తీసి భద్రంగా దాచుకుని, హాల్ టికెట్ చేతికొచ్చిందని నిశ్చింతగా ఉండిపోయే ప్రమాదం ఉంది. మొదటి తరం విద్యార్థుల ఇళ్లలో, నెట్ సెంటర్ మీద ఆధారపడే ఊళ్లలో ఈ పొరపాటుకు అవకాశం మరీ ఎక్కువ.

అసలు హాల్ టికెట్ పరీక్షకు కొద్ది రోజుల ముందే వస్తుంది. 2025లో పరీక్ష మే 4, ఆదివారం. కార్డు ఏప్రిల్ 30న, బుధవారం విడుదలైంది. గురువారం మే డే సెలవు. ఇక మిగిలినవి శుక్రవారం, శనివారం. నీట్ సాధారణంగా ఆదివారమే జరుగుతుంది కాబట్టి, పరీక్ష రోజు ఉదయం జెరాక్స్ షాపు, ఫొటో స్టూడియో తెరిచి ఉంటాయనే భరోసా లేదు. కొండ ప్రాంతంలో కరెంటు, నెట్ సమస్యలు వీటికి తోడు. అందువల్ల కార్డు వచ్చిన రోజే దించుకుని, మర్నాటికల్లా ప్రింటు తీసుకోవడం మంచిది. ప్రింట్లు రెండు జతలు ఉండాలి. రెండో జత వేరే సంచిలో, వీలైతే వెంట వచ్చే పెద్దవారి దగ్గర ఉండాలి. పీడీఎఫ్‌ను మరొకరి ఫోన్‌లో కూడా దాచి ఉంచితే, విద్యార్థి ఫోన్ పాడైనా కార్డు పోదు.

ప్రింటు చేతికొచ్చాక చదవాల్సినవి చాలా ఉన్నా, ముందు చూడాల్సినవి నాలుగే. పేరు, ఫొటో, సంతకం స్పష్టంగా పడ్డాయా అన్నది మొదటిది. బార్ కోడ్ మీద ఇంకు చారలు పడి ఉంటే మళ్లీ ప్రింటు తీయించాలి. రెండోది ప్రశ్నపత్రం భాష. నీట్ 13 భాషల్లో ఉంటుంది. తెలుగు ఎంచుకున్నవారికి ఇంగ్లిషు, తెలుగు రెండూ ఉన్న బుక్‌లెట్ ఇస్తారు. కార్డు మీద ఇంగ్లిషు అని మాత్రమే ఉంటే పరీక్ష హాల్లో తెలుగు బుక్‌లెట్ అడిగి లాభం లేదు. మూడోది రిపోర్టింగ్ సమయం. నాలుగోది సెంటర్ పూర్తి చిరునామా, పిన్ కోడ్‌తో సహా. వివరాల్లో తప్పు కనిపిస్తే ఎన్‌టీఏ హెల్ప్‌లైన్ 011-40759000కు ఫోన్ చేసి, వెబ్‌సైటులో ఇచ్చిన ఈమెయిలుకు కూడా రాయాలి. అక్షర దోషం లాంటివి సరిచేసే వరకు ఆగనక్కరలేదు, ఉన్న కార్డుతోనే పరీక్ష రాయవచ్చు. కార్డు మీద పెన్నుతో దిద్దడం మాత్రం పూర్తిగా మానుకోవాలి.

చిరునామా విషయం ఇంకొంచెం చెప్పుకోవాలి. ఒకే పేరుతో రెండు మూడు ప్రాంగణాలున్న కాలేజీలు విశాఖలో ఉన్నాయి. కేంద్రీయ విద్యాలయాలు కూడా ఒకటికి మించి ఉన్నాయి. ఆటో ఎక్కి "కేంద్రీయ విద్యాలయం" అని చెబితే డ్రైవరు తనకు తెలిసిన చోటికి తీసుకెళ్తాడు. కార్డు మీది వీధి, ప్రాంతం, పిన్ కోడ్ మ్యాపులో చూపించే చోటుతో సరిపోతున్నాయో లేదో శుక్రవారమే చూసుకోవాలి.

నీట్ కార్డు ఒకే పేజీ కాదు. మొదటి పేజీలో అభ్యర్థి, సెంటర్ వివరాలు, స్వీయ ప్రకటన ఉంటాయి. రెండో పేజీలో పోస్ట్‌కార్డు సైజు ఫొటో అతికించే గడి ఉంటుంది. ఆ తర్వాత సూచనలు. ఇందులో కొంత ఇంటి దగ్గరే పూర్తిచేయాలి, కొంత హాల్లో ఇన్విజిలేటర్ ఎదుట చేయాలి. ఎక్కువ తికమక ఇక్కడే. పాస్‌పోర్ట్ సైజు ఫొటో, ఎడమ చేతి బొటనవేలి ముద్ర, తల్లి లేదా తండ్రి సంతకం ముందే ఉండాలి. ఇన్విజిలేటర్ సమక్షంలో చేయాలని రాసి ఉన్న చోట అభ్యర్థి సంతకం ముందే పెట్టేయకూడదు. కాబట్టి ఒక్కో గడి కింద రాసిన చిన్న అక్షరాలు చదివాకే పెన్ను ముట్టాలి. తల్లిదండ్రుల సంతకం బయలుదేరే ముందే చేయించాలి. వెంట రానివారి సంతకం విశాఖలో దొరకదు. నీట్ జాబితాలన్నిటిలోనూ ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది ఇదే, కానీ దూరం వెళ్లే విద్యార్థికి ఇది ముందు వరుసలో ఉండాలి.

వేలిముద్రకు స్టాంప్ ప్యాడ్ కావాలి. పెన్ను ఇంకు వేలికి రాసి అద్దితే గీతలన్నీ కలిసిపోయి మచ్చలా మిగులుతుంది. వేలిని ప్యాడ్ మీద తేలిగ్గా అద్ది, ముందు పాత కాగితం మీద ఒకసారి వేసి చూసి, గీతలు విడిగా కనిపిస్తున్నాయనుకున్నాకే కార్డు మీద వేయాలి. ఒకవేళ అలుక్కుపోతే రెండో ప్రింటు ఉండనే ఉంది. చెరిపి, దాని మీదే ఇంకోసారి వేయడం కన్నా కొత్త పేజీలో వేయడమే సరైన పని.

ఫొటోల లెక్క తప్పడం కూడా మామూలే. కావలసినవి రెండు సైజులు. పోస్ట్‌కార్డు సైజు అంటే 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో ఉన్న కలర్ ఫొటో. ఇది రెండో పేజీలో అతికించేది. పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఒకటి కార్డు మీదకు, మరొకటి హాల్లో అటెండెన్స్ షీట్ మీద అతికించడానికి. ఇవి దరఖాస్తుతో అప్‌లోడ్ చేసిన ఫొటోతో సరిపోవాలి. ఫిబ్రవరిలోనో మార్చిలోనో దరఖాస్తు చేసినప్పుడు స్టూడియోలో తీయించిన ఫొటో కాపీలు నాలుగైదు అప్పుడే దాచుకున్నవారికి ఏ ఇబ్బందీ ఉండదు. దాచుకోనివారు అదే ఫైలుతో మళ్లీ ప్రింటు వేయించుకోవాలి, కొత్త ఫొటో దిగకూడదు. మామూలు కాగితం మీద కాకుండా ఫొటో పేపరు మీదే వేయించాలి. అటెండెన్స్ షీట్ కోసం పెట్టుకున్న ఫొటో విడిగా ఉండిపోయి ఎక్కడో జారిపోతుంటుంది. దాన్ని చిన్న కాగితపు కవరులో పెట్టి కార్డుకు గుచ్చి ఉంచవచ్చు, లోపలికి వెళ్లే ముందు కవరు, పిన్ను తీసేసి ఫొటో మాత్రం చేతిలో పట్టుకోవాలి.

ఇక గుర్తింపు కార్డు. గేటు దగ్గర అసలు తీర్చుకోలేని లోటు ఇది. హాల్ టికెట్ పోతే మరో ప్రింటు దొరకవచ్చు, ఫొటో పోతే ఇంకొకటి తీయవచ్చు. ఇంట్లో ఉండిపోయిన ఒరిజినల్ కార్డుకు విశాఖలో బదులు లేదు. ఆధార్, పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, ఫొటో ఉన్న రేషన్ కార్డు, ఫొటో ఉన్న ఇంటర్ హాల్ టికెట్ లాంటివి చెల్లుతాయి. ఏదైనా ఒరిజినల్ అయి ఉండాలి. జెరాక్స్, దాని మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉన్నా సరే, చెల్లదు. ఫోన్‌లోని ఫొటో, డిజిలాకర్ కూడా పనికిరావు, ఎందుకంటే ఫోనే లోపలికి రాదు. ఆధార్ వెబ్‌సైటు నుంచి దించుకున్న ఈ-ఆధార్ ప్రింటు మాత్రం ఆమోదిత జాబితాలో ఉంది. కాబట్టి కార్డు పోయినవారు శనివారంలోగా ఈ-ఆధార్ తీసుకోవచ్చు. అయితే దానికి ఆధార్‌తో లింకైన ఫోన్ నంబరుకు ఓటీపీ రావాలి. ఆ నంబరు ఇంట్లో ఎవరి దగ్గరుందో, ఇంకా పనిచేస్తోందో లేదో ముందే తెలుసుకోవాలి. చాలా ఇళ్లలో అది మార్చేసిన పాత సిమ్ అయి ఉంటుంది.

తెలుగువారి పేర్లతో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటుంది. లేదా ఒకదానిలో ఇంటిపేరు ముందు, మరోదానిలో చివర. ఇంత మాత్రానికి కంగారు పడనక్కరలేదు కానీ, తేడా ఉన్నవారు పేరు సరిగ్గా సరిపోయే రెండో ఒరిజినల్ కార్డు, ఉదాహరణకు ఇంటర్ హాల్ టికెట్, కూడా వెంట పెట్టుకోవడం మేలు. ఫొటో సంగతి దీనికన్నా గట్టిది. చిన్నప్పుడు తీసిన ఆధార్‌లో ఐదారేళ్ల పిల్లల ముఖం ఉంటే, దాన్ని చూసి పద్దెనిమిదేళ్ల అభ్యర్థిని పోల్చడం సిబ్బందికి కష్టం. పిల్లలకు 15 ఏళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు, ఫొటో మళ్లీ ఇవ్వడం తప్పనిసరి. సెంటర్లో వేలిముద్రల పరిశీలన కూడా జరుగుతుంది కాబట్టి, ఇంటర్ రెండో ఏడాది మొదట్లోనే ఈ పని పూర్తయి ఉండాలి. పరీక్షకు వారం ముందు ఆధార్ సెంటర్‌కు వెళ్తే మార్పులు సమయానికి నమోదు కాకపోవచ్చు.

పెన్నులు, స్కేళ్ల విషయంలో నీట్ మిగతా పరీక్షల్లాంటిది కాదు. ఇంటర్ పరీక్షలకు పెన్నులు, స్కేలు, పెన్సిలు, ప్యాడ్ అన్నీ విద్యార్థివే. జేఈఈ మెయిన్ కంప్యూటర్ పరీక్ష అయినా రఫ్ పని కోసం పారదర్శకమైన మామూలు బాల్ పెన్ను తీసుకెళ్లవచ్చు. నీట్‌లో పెన్ను కూడా సెంటర్లోనే ఇస్తారు. ఓఎంఆర్ షీట్‌లో గడులు నింపడానికి దాన్నే వాడాలి. జామెట్రీ బాక్సు, స్కేలు, రబ్బరు, ప్యాడ్, ప్లాస్టిక్ పౌచ్, కాల్కులేటర్, కాగితం ముక్క, ఏవీ లోపలికి రావు. కాబట్టి ఈ ప్రయాణంలో స్టేషనరీ అంటే ముందు రోజు పనికే: ఒక జిగురు స్టిక్, స్టాంప్ ప్యాడ్, ఫారం నింపడానికి పెన్ను, కాగితాలు మడత పడకుండా పెట్టే ఫైలు. ఇవన్నీ బసలోనే ఉండిపోవాలి. హాల్లోకి చేతిలో వెళ్లేవి నింపిన హాల్ టికెట్ పేజీలు, ఒరిజినల్ గుర్తింపు కార్డు, అటెండెన్స్ షీట్‌కు ఫొటో, లేబుల్ తీసేసిన పారదర్శక నీళ్ల సీసా. దివ్యాంగులైతే వారి ధ్రువపత్రం, స్క్రైబ్ సౌకర్యం ఉంటే దానికి సంబంధించిన కాగితాలు.

ఒంటి మీది వస్తువుల గురించి కూడా ముందు రోజే ఆలోచించాలి. పొడవు చేతుల చొక్కాలు, బూట్లు వద్దు. మామూలు చెప్పులు, తక్కువ మడమ ఉన్న శాండిల్స్ సరిపోతాయి. వాచీ, బెల్టు, పర్సు, నగలు పనికిరావు. బిగుసుకుపోయిన ముక్కుపుడక, చెవి కమ్మలు గేటు దగ్గర తీయడం నొప్పిగానూ ఉంటుంది, సమయమూ పోతుంది. అవి ఇంట్లోనే తీసేసి రావాలి. ఆచారం ప్రకారం ప్రత్యేక దుస్తులు ధరించేవారిని తనిఖీ కోసం మిగతావారికన్నా ముందే, మధ్యాహ్నం 12:30 లోపల రమ్మంటారు. ప్రయాణంలో పొడవు చేతుల చొక్కా, బూట్లు వేసుకుంటే, పరీక్ష బట్టలు విడిగా మడిచి పెట్టుకోవడమే మార్గం.

ఇప్పుడు ప్రయాణం లెక్క. పాడేరు విద్యార్థి ఆదివారం ఉదయం 6 గంటలకు బస్సెక్కాడనుకుందాం. అంతా సవ్యంగా సాగితే 10 గంటలకు విశాఖ ద్వారకా బస్ స్టేషన్. అక్కడి నుంచి నగరంలోని సెంటర్‌కు, బస్సు గానీ ఆటో గానీ దొరికించుకుని చేరేసరికి 11. గేటు మూసేందుకు ఇంకా రెండున్నర గంటలుంది, కాగితం మీద చూస్తే బోలెడంత సమయం. కానీ ఆ రెండున్నర గంటలు ఘాట్‌లో ఒక లారీ ఆగిపోవడానికి, బస్సు రద్దై తర్వాతి దాని కోసం ఎదురుచూడటానికి, చిరునామా తప్పి మరో ప్రాంగణానికి వెళ్లడానికి కలిపి ఉన్నవి. వీటిలో ఏ రెండు జరిగినా సమయం మిగలదు. 2025 ఏప్రిల్ 7న విశాఖ శివారు పెందుర్తి దగ్గరి సెంటర్లో జేఈఈ మెయిన్ రాయాల్సిన కొందరు విద్యార్థులు కొద్ది నిమిషాల ఆలస్యంతోనే లోపలికి వెళ్లలేకపోయారు. పైగా నాలుగు గంటలు ఘాట్ మలుపుల్లో తిరిగి, కడుపులో తిప్పుతుండగా, మే ఎండలో క్యూలో నిలబడి, ఆపైన మూడు గంటల్లో 180 ప్రశ్నలు చేయాలి.

అందువల్ల ఈ దూరానికి శనివారం ప్రయాణమే సరైనది, ఖర్చు కొంత పెరిగినా. శనివారం ఉదయం బస్సెక్కితే మధ్యాహ్నానికి విశాఖలో ఉంటారు. ఫొటో, ప్రింటు, జిగురు లాంటి లోటు ఏదైనా ఉంటే షాపులు తెరిచి ఉన్న సాయంత్రమే తీర్చుకోవచ్చు. ఆ సాయంత్రం సెంటర్ దాకా ఒకసారి వెళ్లి గేటు ఎటు వైపుందో, బస నుంచి ఎంత సేపు పడుతుందో చూసి రావాలి. ఇంటి నుంచి బయలుదేరే ముందు ఒరిజినల్ కార్డు, సంతకం, వేలిముద్ర, ఈ మూడూ మరోసారి చూసుకుంటే, మిగిలినవన్నీ విశాఖలో దొరికేవే.

ఆదివారం భోజనం 10:30 ప్రాంతంలోనే అయిపోవాలి. గేటు దాటాక 5 గంటల వరకు బయటికి రావడం ఉండదు, తినుబండారాలు లోపలికి రావు. మధుమేహం ఉన్నవారికి చక్కెర మాత్రలు, పండు లాంటి వాటికి అనుమతి ఉంటుంది, డాక్టరు చీటీ వెంట ఉంచుకోవాలి. కార్డు మీది రిపోర్టింగ్ సమయానికే సెంటర్ దగ్గర ఉంటే తనిఖీ, వేలిముద్రల క్యూ ప్రశాంతంగా దాటవచ్చు. 1:15 నుంచి హాల్లో కూర్చోబెడతారు. 1:45కు బుక్‌లెట్లు పంచుతారు. అక్కడ బుక్‌లెట్ భాష, ఓఎంఆర్ షీట్ మీది కోడ్ బుక్‌లెట్ కోడ్‌తో సరిపోవడం చూసుకోవాలి. తేడా ఉంటే వెంటనే చెప్పి మార్పించుకోవాలి.

ఫోన్, పర్సు ఎక్కడ పెట్టాలన్నది ఒంటరిగా వచ్చేవారికి పెద్ద ప్రశ్న. సెంటర్లో సామాను దాచే ఏర్పాటు ఉంటుందని ఆశపెట్టుకోకూడదు. గేటు ముందు షాపువాళ్ల దగ్గర ఫోన్ వదిలి లోపలికి వెళ్తే, ఆ మూడు గంటలూ మనసు దాని మీదే ఉంటుంది. బసలో తాళం వేసి రావడం, తిరుగు ప్రయాణానికి సరిపడా డబ్బు కూడా అక్కడే ఉంచడం మంచిది. పెద్దవారు వెంట వస్తే, 5 గంటలకు వందల మంది ఒకేసారి బయటికి వస్తారని గుర్తుంచుకుని, ఫోన్ లేకుండానే కలుసుకునే చోటు ఒకటి ముందే అనుకోవాలి. "గేటు దగ్గర" అంటే చాలదు. ఏదో ఒక షాపు, బస్టాపు లాంటి కచ్చితమైన గుర్తు కావాలి.

పరీక్ష అయ్యాక ఓఎంఆర్ షీట్ ఇన్విజిలేటర్‌కు అప్పగించి, ప్రశ్నల బుక్‌లెట్ తెచ్చుకోవచ్చు. తర్వాత ప్రాథమిక కీ వచ్చినప్పుడు సరిచూసుకోవడానికి అది అవసరం. హాల్ టికెట్ పీడీఎఫ్‌ను చెరపకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం నిర్వహించే కౌన్సెలింగ్‌లో ర్యాంకు కార్డుతో పాటు దాన్నీ అడుగుతారు, అప్పటికి డౌన్‌లోడ్ లింకు పనిచేయకపోవచ్చు.